ఆట పిల్లాడిది, ఖాతా ఎవరిది?

ఫోన్‌లో ఆట ఆడుతున్న పిల్లాడు డైమండ్లో, నాణేలో, కొత్త డ్రెస్సో కొనబోతే తెర కింది నుంచి ఒక చిన్న పెట్టె పైకి వస్తుంది. అందులో వస్తువు పేరు, ధర, కొనే బటన్ ఉంటాయి. అక్కడే చిన్న అక్షరాల్లో ఒక ఈమెయిల్ అడ్రసు కూడా కనిపిస్తుంది. పిల్లలు దాన్ని పట్టించుకోరు, పెద్దలకు చూసే అవకాశమే రాదు. కానీ ఆ కొనుగోలుకు అడ్డు ఉందా లేదా అన్నది తేల్చేది ఆ ఈమెయిలే. అది పిల్లాడి ఖాతాదైతే పెద్దల అనుమతి అడిగే ఏర్పాటు పనిచేస్తుంది. నాన్నదైతే గూగుల్ లెక్కలో కొంటున్నది నాన్నే, కాబట్టి ఇంకెవరినీ అడగాల్సిన పని లేదు.

మన ఇళ్లలో చాలాచోట్ల జరిగేది ఈ రెండోదే. పాత ఫోన్ పిల్లల చేతికి వస్తుంది, అందులోని ఖాతా మాత్రం నాన్నదో అమ్మదో అలాగే ఉండిపోతుంది. ‘ఓటీపీ లేకుండా డబ్బు ఎలా పోతుందిలే’ అని పెద్దల ధీమా. ఆ ఓటీపీ మెసేజ్ వచ్చే సిమ్ ఉన్నది కూడా పిల్లాడి చేతిలోని ఫోన్‌లోనే అయితే ఆ ధీమాకు అర్థం లేదు. యూపీఐ పిన్ సంగతీ అంతే. కూరగాయల బండి దగ్గర అమ్మ నాలుగుసార్లు నొక్కగా చూసిన పిల్లకు అది గుర్తుండిపోతుంది. ఇక గిఫ్ట్ కార్డుతో గూగుల్ ప్లే బ్యాలెన్స్ ముందే నింపి ఉంటే బ్యాంకు ఓటీపీ ప్రస్తావనే రాదు.

ఈ చిక్కు మన దగ్గర మొదలైంది కాదు. 2011లో గూగుల్ తన స్టోర్‌లో ఆటల లోపలి కొనుగోళ్లు మొదలుపెట్టినప్పుడు పాస్‌వర్డ్ కూడా అడిగేది కాదు. తర్వాత అడగడం మొదలుపెట్టింది కానీ, ఒకసారి పాస్‌వర్డ్ కొడితే అరగంట పాటు మళ్లీ అడగకుండా ఎన్ని కొన్నా సరిపోయేది. తల్లి ఒక్క కొనుగోలుకు ఒప్పుకుని ఫోన్ తిరిగి ఇచ్చేది, పిల్లలు ఆ అరగంటలో చేయాల్సిందంతా చేసేవారు. అమెరికాలో వినియోగదారుల తరఫున చూసే ఫెడరల్ ట్రేడ్ కమిషన్ దీన్ని పట్టుకుంది. 2014 సెప్టెంబరులో గూగుల్ కనీసం 1.9 కోట్ల డాలర్లు తల్లిదండ్రులకు తిరిగి ఇవ్వడానికి ఒప్పుకుంది. అదే ఏడాది జనవరిలో ఆపిల్ ఇలాంటి కేసులోనే కనీసం 3.25 కోట్ల డాలర్లు వెనక్కివ్వడానికి అంగీకరించింది. అక్కడ పాస్‌వర్డ్ గడువు పదిహేను నిమిషాలు.

ఆ కేసులు బయటపెట్టిన విషయం ఒకటుంది. పాస్‌వర్డ్ ఫోన్‌కు కాపలా కాస్తుందే తప్ప, ఆడుతున్నది పెద్దవాళ్లో పిల్లలో దానికి తెలియదు. తెలియాలంటే పిల్లలకు విడిగా ఖాతా ఉండాలి, అది పెద్దల ఖాతాతో ముడిపడి ఉండాలి. ఫ్యామిలీ గ్రూప్ చేసే పని అదే.

గూగుల్‌లో ఒక గ్రూపులో మొత్తం ఆరుగురు ఉండొచ్చు. గ్రూపును తెరిచిన పెద్ద మనిషి ఫ్యామిలీ మేనేజర్, మిగిలినవాళ్లు ఐదుగురి వరకు. పదమూడేళ్ల లోపు పిల్లలకు ఫ్యామిలీ లింక్ ద్వారా పెద్దవాళ్లే ఖాతా తెరవాలి. పిల్లాడి ఫోన్‌లో ఆ ఖాతా మాత్రమే మిగలాలి, నాన్న ఖాతాను అందులోంచి తీసేయాలి. ఎక్కువమంది వదిలేసేది ఈ మెట్టునే. రెండు ఖాతాలూ ఉంటే ప్లే స్టోర్‌లో ఫొటో గుర్తు మీద నొక్కి ఒకదాని నుంచి ఇంకోదానికి మారడం క్షణాల్లో పని.

తర్వాతి పని మేనేజర్ ఫోన్‌లో. ప్లే స్టోర్ తెరిచి, పైన ఉన్న ఫొటో గుర్తు నొక్కి, Settings, అందులో Family, ఆపై Manage family members లోకి వెళ్తే పిల్లాడి పేరు కనిపిస్తుంది. దాని మీద నొక్కితే Purchase approvals వస్తుంది. అక్కడున్న ఎంపికల్లో All content అన్నిటికంటే గట్టిది. ఉచిత గేమ్ దించుకోవాలన్నా అనుమతి అడుగుతుంది. Only in-app purchases పెడితే ఆట లోపల డబ్బు కట్టేవాటికే అడుగుతుంది. No approval required పెడితే అడగడం ఉండదు, మేనేజర్ జతచేసిన ఫ్యామిలీ కార్డు నుంచి డబ్బు నేరుగా పోతుంది.

గట్టిది కదా అని All content పెట్టిన ఇళ్లలో ఇంకో ఇబ్బంది ఎదురవుతుంది. రంగులు వేసే యాప్‌కూ, పజిల్‌కూ, మరో పజిల్‌కూ రోజంతా విన్నపాలు వస్తూనే ఉంటాయి. ఆఫీసు మీటింగులో ఉన్న తండ్రి చూడకుండానే ‘సరే’ నొక్కేస్తాడు. ఆ అలవాటులో ఏదో ఒక రోజు వేల రూపాయల ప్యాక్‌కూ అలాగే నొక్కేసే ప్రమాదం ఉంది. అప్పుడే బడిలో చేరిన పిల్లలకు ఇది తగినదే. కాస్త పెద్దయ్యాక డబ్బు కట్టేవాటికే అనుమతి పెట్టుకుంటే, వచ్చే కొద్ది విన్నపాలను చదివి జవాబిచ్చే ఓపిక మిగులుతుంది.

అనుమతి రెండు రకాలుగా ఇవ్వొచ్చు. పిల్లాడి ఫోన్‌లోనే పెద్దవాళ్లు తమ పాస్‌వర్డ్ కొట్టడం ఒకటి, విన్నపాన్ని తమ ఫోన్‌కు తెప్పించుకుని అక్కడ ఒప్పుకోవడం రెండోది. రెండోదే మేలు. పక్కన నిల్చుని చూస్తున్న పిల్లల ముందు పాస్‌వర్డ్ కొడితే, వచ్చే వారం వాళ్లే కొట్టుకోగలరు.

ఇంతదాకా చెప్పింది అనుమతి గురించి. పరిమితి వేరే సంగతి. నెలకు మూడొందలు దాటకూడదని చెప్పి, దాటితే ఆపేసే మీట ఈ అనుమతుల పేజీలో లేదు. ప్లే స్టోర్‌లో Budget అనే సదుపాయం ఉంది కానీ, అది ఖర్చు ఎంతైందో చెప్పి హెచ్చరిస్తుందే తప్ప కొనుగోలును ఆపదు. దాన్ని పెట్టుకుని పరిమితి పెట్టామనుకుని నిశ్చింతగా ఉంటే నెలాఖరున బిల్లు చూసి ఉలిక్కిపడాల్సి వస్తుంది.

కాబట్టి గూగుల్ ఖాతాలో లెక్క పెద్దవాళ్లే చూసుకోవాలి. ఉదాహరణకు వరంగల్‌లో ఒక ఇల్లు అనుకుందాం. తల్లి ఫ్యామిలీ మేనేజర్, కొడుక్కి పదకొండేళ్లు. నెలకు 300 రూపాయలని ఇద్దరూ అనుకున్నారు. మొదటి వారంలో 89 రూపాయల డైమండ్లకు విన్నపం వచ్చింది, ఒప్పుకుంది. రెండో వారంలో 159 రూపాయల పాస్, దానికీ ఒప్పుకుంది. మొత్తం 248 అయింది, మిగిలింది 52. మూడో వారంలో మళ్లీ 89కి విన్నపం.

“అమ్మా, ఇంకొక్కటే, నలభై డైమండ్లు తక్కువయ్యాయి.”

“యాభై రెండే ఉన్నాయి నాన్నా. ఒకటో తారీఖు దాకా ఆగు.”

ఆమె ఇలా చెప్పగలిగిందంటే కారణం మెయిల్‌లోని రసీదులే. ఫ్యామిలీ కార్డుతో ఎవరు కొన్నా రసీదు మేనేజర్ మెయిల్‌కు వస్తుంది. రూపాయల లెక్క ఇంట్లో ఉండటం ఇంకో రకంగానూ అవసరం. ఆటలో ధరలు డైమండ్లలో ఉంటాయి. ప్యాకులేమో కావలసిన వస్తువుకు కాస్త తక్కువగానో కాస్త ఎక్కువగానో అమ్ముతారు. ఆ నలభై తక్కువ కావడం పిల్లాడి పొరపాటు కాదు, అమ్మకం అలా అల్లిందే.

అసలైన నెలవారీ పరిమితి కావాలంటే ప్లేస్టేషన్‌లో చూడొచ్చు. అక్కడ పిల్లల ఖాతాకు సొంత వాలెట్ ఉండదు, ఫ్యామిలీ మేనేజర్ వాలెట్ నుంచే ఖర్చవుతుంది. పిల్లల ఖాతా తెరవగానే నెల పరిమితి సున్నా. పెద్దవాళ్లు అంకె మార్చేదాకా పిల్లలు ఒక్క రూపాయి కూడా ఖర్చు పెట్టలేరు. అంకె పెట్టాక దాని లోపల కొనేవాటికి ప్రతిసారీ అడగనక్కర్లేదు, దాటితే మాత్రం కొనుగోలు ఆగిపోతుంది. మైక్రోసాఫ్ట్ ఫ్యామిలీ గ్రూపులో ఎక్స్‌బాక్స్ ఆడే పిల్లలకు రెండు పద్ధతులూ కలిసి ఉన్నాయి. ప్రతి కొనుగోలుకూ అనుమతి అడిగేలా పెట్టొచ్చు, లేదా పిల్లల ఖాతాలో కొంత డబ్బు వేసి అంతవరకే వదిలేయొచ్చు. ఏది నప్పుతుందన్నది పిల్లల వయసును బట్టి ఉంటుంది. ఏడేళ్లవాడికి ధర చూసి ఆలోచించడం రాదు, ప్రతిదీ అడగడమే నయం. పద్నాలుగేళ్లవాడికి నెలకింత అని ఇచ్చి వదిలేస్తే ఏది కొనాలో, ఏది మానాలో వాడే తేల్చుకోవాల్సి వస్తుంది.

ఏ పద్ధతి పెట్టినా రెండు సందులు మిగులుతాయి. ఒకటి, గూగుల్ అనుమతులు గూగుల్ ప్లే బిల్లింగ్ ద్వారా జరిగే కొనుగోళ్లకే వర్తిస్తాయి. ఆటలోని ఐడీ నంబరు కొట్టి, యూపీఐతో డబ్బు కడితే డైమండ్లు జమచేసే వెబ్‌సైట్లు ఉన్నాయి. ఆ కొనుగోలు గూగుల్ కంట పడదు. ప్లే రసీదులు ఏవీ రాకుండానే ఆటలో కొత్త డ్రెస్సులు పెరుగుతున్నాయంటే బ్యాంకు స్టేట్‌మెంట్‌లో, యూపీఐ చరిత్రలో వెతకాలి. రెండోది చందాలు. నెలనెలా కట్టే పాస్‌కు ఒకసారి ఒప్పుకుంటే తర్వాతి నెలల్లో డబ్బు దానంతట అదే పోతుంది. రిజర్వ్ బ్యాంకు నిబంధన ప్రకారం 15,000 రూపాయల వరకు ఇలాంటి ఆటోమేటిక్ చెల్లింపులకు ప్రతిసారీ ఓటీపీ అక్కర్లేదు. కాకపోతే కనీసం ఇరవై నాలుగు గంటల ముందు బ్యాంకు సమాచారం పంపాలి. పాస్ ఆపాలంటే ఆ మెసేజ్ రాగానే ఆపాలి.

అన్నీ పెట్టుకున్నాక ఒకసారి పరీక్షించి చూడటం తేలిక. పిల్లాడి ఫోన్‌లో ఆట తెరిచి, అన్నిటికంటే చవకైన ప్యాక్ మీద నొక్కాలి. పైకి వచ్చిన పెట్టెలో పిల్లాడి ఈమెయిల్ ఉండి, పెద్దల అనుమతి కావాలని అడిగితే ఏర్పాటు కుదిరినట్టే, అక్కడితో వెనక్కి వచ్చేయొచ్చు. నాన్న ఈమెయిల్ కనిపిస్తే ఆ ఫోన్‌లో పాత ఖాతా ఇంకా ఉందన్నమాట. ఒకవేళ ఈలోగానే డబ్బు పోయి ఉంటే రసీదు మీద తేదీ, సమయం చూసుకోవాలి. కొన్నప్పటి నుంచి 48 గంటల్లోపైతే గూగుల్ ప్లే సైట్‌లో ఆర్డర్ల చరిత్ర తెరిచి, ఆ ఆర్డరు దగ్గరే రిఫండ్ అడగొచ్చు. ఆ గడువు దాటితే ఆట తయారుచేసిన కంపెనీకి రాసుకోవాల్సి వస్తుంది.