33 ప్రశ్నల వెనుక ఒక పట్టిక

ఆంధ్రప్రదేశ్‌లో పదో తరగతి పిల్లలు సాంఘిక శాస్త్రంలో చదివేవి నాలుగు పుస్తకాలు, 22 పాఠాలు. చరిత్రలో ఐదు, భూగోళంలో ఏడు, పౌరశాస్త్రంలో ఐదు, అర్థశాస్త్రంలో ఐదు. పరీక్షలో ఇచ్చేవి 33 ప్రశ్నలు, 100 మార్కులు. ఒక మార్కువి 12, రెండు మార్కులవి 8, నాలుగు మార్కులవి 8, ఎనిమిది మార్కులవి 5. వీటిని ఏ పాఠానికి ఎన్ని ఇవ్వాలి, ఒక్కో ప్రశ్నతో పిల్లవాడి ఏ శక్తిని కొలవాలి అని ముందే గళ్లు గీసి నిర్ణయించే పట్టికే బ్లూప్రింట్. అడ్డం వరుసల్లో పాఠాలు, నిలువు వరుసల్లో విద్యా ప్రమాణాలు, ఒక్కో గడిలో ప్రశ్నల సంఖ్య, మార్కులు రాస్తారు. ప్రశ్నలు రాసే పని ఆ తర్వాతే.

బడిలో ప్రీ ఫైనల్ పేపరు తయారుచేసే ఉపాధ్యాయిని ఒకరు ఈ పట్టిక నింపుతున్నారనుకుందాం. మొదట పుస్తకాల మధ్య మార్కులు పంచాలి. బీఈడీలో దీన్ని విషయాంశాలకు భారత్వం ఇవ్వడం అంటారు. చరిత్ర పాఠాలు పెద్దవి, భూగోళంలో పాఠాల సంఖ్య ఎక్కువ. అందుకని ఆమె ఆ రెండింటికీ 28 చొప్పున, పౌర, అర్థశాస్త్రాలకు 22 చొప్పున కేటాయిస్తారు. 28 అని రాయడం తేలికే. దాన్ని ఎనిమిది, నాలుగు, రెండు, ఒకటి మార్కుల ప్రశ్నలుగా విడగొట్టేటప్పుడే చిక్కులు వస్తాయి.

ఎనిమిది మార్కుల ప్రశ్నలు ఐదే ఉన్నాయి. పుస్తకానికొకటి ఇస్తే ఒకటి మిగులుతుంది. పటం గుర్తించే ప్రశ్న ఎలాగూ ఉండాలి గనుక మిగిలినది భూగోళానికి వెళ్తుంది. దాంతో భూగోళానికి 16 మార్కులు రెండు ప్రశ్నల్లోనే అయిపోయాయి. మిగిలిన 12 మార్కులకు ఒక నాలుగు మార్కుల ప్రశ్న, రెండు రెండు మార్కులవి, నాలుగు ఒక మార్కువి వస్తాయి. మొత్తం తొమ్మిది ప్రశ్నలు. చరిత్రలో ఐదు పాఠాలకు పది ప్రశ్నలుంటే, భూగోళంలో ఏడు పాఠాలకు తొమ్మిదే ఉన్నాయన్నమాట. అడవులు, వన్యప్రాణుల వంటి చిన్న పాఠానికి ఒక మార్కు ప్రశ్నతోనే సరిపెట్టాల్సి రావచ్చు. పట ప్రశ్నలో ఆనకట్టలు, పంటలు, ఖనిజాలు కలిపి అడిగితే ఆ లోటు కొంత తీరుతుంది.

ఇప్పుడు నిలువు వరుసలు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో నిరంతర సమగ్ర మూల్యాంకనం వచ్చినప్పుడు సాంఘిక శాస్త్రానికి ఆరు విద్యా ప్రమాణాలు పెట్టారు. విషయావగాహనకు 40 శాతం, సమాచార నైపుణ్యాలకు 15, పట నైపుణ్యాలకు 15, చదివి వ్యాఖ్యానించడానికి 10, సమకాలీన అంశాలపై ప్రతిస్పందనకు 10, ప్రశంస, సున్నితత్వానికి 10. ఉపాధ్యాయిని ఆ నిష్పత్తినే తీసుకున్నారు.

ఇక్కడ ఎవరైనా సులువుగా పడే గొయ్యి ఒకటుంది. పటాలన్నా, గణాంకాల పట్టికలన్నా మనసు భూగోళం వైపే పోతుంది. పట నైపుణ్యాలవి 15, సమాచార నైపుణ్యాలవి 15, కలిపి 30. భూగోళానికి ఉన్నవి 28 మాత్రమే. అన్నీ అక్కడే పెడితే భూగోళంలో విషయావగాహనకు ఒక్క మార్కు కూడా మిగలదు, చరిత్రంతా వ్యాసాలతో నిండిపోతుంది. వరుసల మొత్తాలు విడివిడిగా చూస్తే ఈ లోపం కనిపించదు. గడి గడీ చూస్తేనే బయటపడుతుంది. అందుకే ఆమె భారతదేశంలో జాతీయవాదం పాఠం నుంచి నాలుగు మార్కుల పట ప్రశ్న పెట్టారు. చంపారన్, ఖేడా, అమృత్‌సర్, చౌరీచౌరాలను గుర్తించమని అడిగారు. పట్టిక చదివే ఎనిమిది మార్కుల ప్రశ్న అర్థశాస్త్రానికి వెళ్లింది. భూగోళంలో రెండో పెద్ద ప్రశ్న విషయావగాహనకు దక్కింది.

గడిలో ఉండాల్సిన స్థాయి, రాసిన ప్రశ్నలో నిజంగా ఉందా అన్నది అన్నింటికన్నా కష్టమైన భాగం. ‘ఎందుకు’, ‘విశ్లేషించండి’ అన్న మాటలు ఉన్నంత మాత్రాన ప్రశ్న స్థాయి పెరగదు. బెల్జియం పాఠాన్నే చూద్దాం. ఆ దేశంలో 59 శాతం డచ్, 40 శాతం ఫ్రెంచ్ మాట్లాడతారు. రాజధాని బ్రస్సెల్స్‌లో మాత్రం 80 శాతం ఫ్రెంచ్ వారే. డచ్ మాట్లాడేవారు ఎంత శాతమని అడిగితే అది జ్ఞాపకానికి పరీక్ష. బ్రస్సెల్స్‌లో ఉద్రిక్తత ఎందుకు తలెత్తిందని అడిగినా అంతే, ఎందుకంటే ఆ జవాబు పుస్తకంలోనే పేరాగా ఉంది. ఒక ఊహాజనిత జిల్లాను ఇచ్చి, అక్కడ జిల్లా అంతటా ఒక భాషవారు, జిల్లా కేంద్రంలో మరో భాషవారు ఎక్కువగా ఉన్నారని చెప్పి, ఆ పట్టణ పాలకమండలిని ఎలా ఏర్పాటు చేస్తావని అడిగితే పిల్లవాడు తనంతట తాను ఆలోచించాలి. బ్రస్సెల్స్ ప్రభుత్వంలో రెండు వర్గాలకూ సమాన ప్రాతినిధ్యం ఇచ్చిన సంగతి తెలియాలి, దాన్ని కొత్త చోట వాడగలగాలి. ఇదే ప్రశ్నను తరగతిలో ముందే చేయించి ఉంటే మాత్రం అది కూడా జ్ఞాపకమే అవుతుంది. అంటే స్థాయి ప్రశ్నలోని మాటలను బట్టే తేలదు, తరగతిలో ఏం జరిగిందన్నదాన్ని బట్టి కూడా ఉంటుంది.

కఠినత వేరే లెక్క. జర్మన్ రాజ్యాల సుంకాల కూటమి జోల్‌వెరైన్ 1834లో ఏర్పడింది. ఆ సంవత్సరం అడిగితే చాలామంది తడబడతారు. అయినా అది జ్ఞాపకం మెట్టు దాటని ప్రశ్నే. పేపరు కష్టంగా ఉందంటే ఆలోచింపజేస్తోందని అనుకోకూడదు. బ్లూప్రింట్‌లో సులభం, మధ్యస్థం, కఠినం అన్న వరుసను విడిగా ఉంచేది ఇందుకే.

తర్వాతి చిక్కు ‘లేదా’. ఎనిమిది మార్కుల ప్రశ్నల్లో పిల్లలకు ఎంపిక ఉంటుంది. చరిత్రలో విషయావగాహన ప్రశ్నకు ‘లేదా’ అంటూ అర్థశాస్త్రం పట్టిక ప్రశ్న జత చేశారనుకోండి. రెండోది ఎంచుకున్న పిల్లవాడి పేపర్లో చరిత్ర 28 నుంచి 20కి పడిపోతుంది, అర్థశాస్త్రం 22 నుంచి 30కి పెరుగుతుంది. విషయావగాహన 40 నుంచి 32కు దిగి, సమాచార నైపుణ్యం 15 నుంచి 23కు చేరుతుంది. ఇద్దరు పిల్లలు ఒకే గదిలో కూర్చుని రెండు వేర్వేరు పరీక్షలు రాసినట్టే. అందుకని జంటలో రెండు ప్రశ్నలూ ఒకే పుస్తకం, ఒకే ప్రమాణం, ఒకే కఠినతలో ఉండాలి. పాఠం మారవచ్చు.

పేపరు పూర్తయ్యాక ప్రశ్నల వారీ విశ్లేషణ పట్టిక రాస్తారు. ప్రతి ప్రశ్నకూ పాఠం, ప్రమాణం, మార్కులు, కఠినత, పట్టే సమయం ఒక వరుసలో నమోదు చేస్తారు. ప్రశ్నలు రాసినవారే దీన్ని నింపితే తాము అనుకున్న స్థాయినే మళ్లీ రాసుకుంటారు. బ్లూప్రింట్ చూడని మరో ఉపాధ్యాయుడి చేత నింపించడం మేలు. ఆయన ‘జ్ఞాపకం’ అని రాసినచోట పట్టికలో ‘ప్రతిస్పందన’ అని ఉంటే, మార్చాల్సింది ప్రశ్ననే. మార్చిన ప్రశ్న మళ్లీ అదే గడికి సరిపోవాలి.

దిద్దే దశలో కూడా ఈ సమతూకం చెదిరిపోవచ్చు. అర్థశాస్త్రం పట్టికలో వ్యవసాయరంగంలో పనిచేసేవారి వాటా, ఉత్పత్తిలో ఆ రంగం వాటా ఇచ్చి, తేడా వివరించమన్నారు. మార్కుల పథకంలో అంకెలు సరిగ్గా చదివినందుకు రెండు, రెండు వాటాలనూ పోల్చినందుకు రెండు, ప్రచ్ఛన్న నిరుద్యోగంతో ముడిపెట్టి కారణం చెప్పినందుకు నాలుగు అని రాసి ఉండాలి. అలా విడదీయకుండా మూడు రంగాల నిర్వచనాలు రాసినవారికి ఆరు మార్కులు వేసేస్తే, సమాచార నైపుణ్యం గడిలోని ఎనిమిది మార్కులు జ్ఞాపకానికి వెళ్లిపోయినట్టే.