బొద్దింకల బిల్లు ఎవరిది?

అపార్ట్‌మెంట్ జనరల్ బాడీ మీటింగులో లిఫ్టు రిపేరుకు డబ్బులడిగితే పెద్దగా గొడవుండదు. పెస్ట్ కంట్రోల్ అనగానే మాత్రం ‘మా ఇంట్లో బొద్దింకల్లేవు, మేమెందుకివ్వాలి?’ అని ఎవరో ఒకరు లేస్తారు. సెక్రటరీ ప్రసంగమంతా ఆ ఒక్క ప్రశ్నకు జవాబుగా సాగాలి. శుభ్రత గురించి పాఠం మొదలుపెట్టారో, సగం మంది తమనే అంటున్నారనుకుని మూతి ముడుచుకుంటారు.

40 ఫ్లాట్ల భవనం అనుకుందాం. అక్కడి సెక్రటరీ మీటింగుకు ముందే, ఒకే డక్ట్‌ను ఆనుకుని ఒకదానిపై ఒకటున్న అయిదు వంటిళ్లలో, ఇంటివాళ్లను అడిగి సింకు కింద జిగురు అట్టలు పెట్టించారు. కొన్ని రాత్రులయ్యాక వాటిని తెచ్చి బల్ల మీద పరిచి మొదలుపెట్టారు:

“అందరికీ నమస్కారమండీ. అయిదింట్లోనూ పడ్డాయి, చూడండి. ఎవరికి వారు స్ప్రే కొట్టించుకుంటే కొన్ని చస్తాయి. మిగతావి ఆ ఘాటుకు పైపు చుట్టూ ఉన్న సందులోంచి డక్ట్‌లోకి దూరి, పక్కింటికో పైఇంటికో పోతాయి. మందు వాసన పోయాక తిరిగొస్తాయి. వంటింట్లో తిరిగే చిన్నరకం, అంటే జర్మన్ బొద్దింక, పిల్లలు బయటికొచ్చే దాకా గుడ్ల తిత్తిని ఒంటికే పెట్టుకు తిరుగుతుంది. ఒక్కో తిత్తిలో 30 నుంచి 40 గుడ్లు. లోపలి గుడ్లకు మందు సరిగా ఎక్కదు. ఒక్కసారితో సరిపోదు అనేది అందుకేనండీ.

జెల్ పద్ధతి వేరు. తలుపుల బందుల దగ్గర, సింకు కింద చిన్న చిన్న చుక్కలు పెడతారు. తిన్నది వెంటనే చావదు, దాక్కునే చోటికి వెళ్లి చస్తుంది. దాని రెట్ట తిన్న పిల్లలూ చస్తాయి. ఆ చుక్కల మీద స్ప్రే కొట్టినా, ఫినాయిల్‌తో తుడిచినా మాత్రం అవి జెల్‌ను ముట్టవు.

అన్ని ఫ్లాట్లకూ, డక్టులకూ, డ్రైనేజీ ఛాంబర్లకూ కలిపి ఏడాదికి 60,000 రూపాయలు అడిగారు. ఫ్లాటుకు 1,500, అంటే నెలకు 125.”

చదరపు అడుగుల లెక్కన పంచాలని చిన్న ఫ్లాట్లవాళ్లు అడగొచ్చు. ఇక్కడ సమానంగా పంచడమే సబబని నాకనిపిస్తుంది. ఫ్లాటు పెద్దదైనా చిన్నదైనా వంటిల్లు ఒకటే, డక్టూ ఒకటే. చెదల పని ఈ లెక్కలో కలపకూడదు. దానికి నేల అంచు వెంట రంధ్రాలు చేసి మందు పోయాలి, ఖర్చు వేరు, తీర్మానమూ వేరుగా ఉండాలి.

అసలు చిక్కు డబ్బు దగ్గర కాదు, తాళం వేసిన ఫ్లాట్ల దగ్గర. ఓనరు అమెరికాలో ఉండి, అద్దెకున్నవాళ్లు ఊరెళ్తే ఆ వంటిల్లే మిగతావాటికి పుట్టిల్లు. అందుకే తేదీ ముందే చెప్పి, తాళంచెవి ఎవరి దగ్గరుంచాలో తీర్మానంలోనే రాయించుకోవాలి. రెండో విడత రెండు మూడు వారాలకు పెట్టించి, మూడు నెలల తర్వాత అవే వంటిళ్లలో మళ్లీ జిగురు అట్టలు పెట్టాలి. వాటిలో పడేవి తగ్గితేనే కంపెనీకి చివరి వాయిదా.