వార్తల్లో పదం: ఫోకల్ డిస్టోనియా

టోక్యో స్ట్రింగ్ క్వార్టెట్ ప్రధాన వయొలినిస్టు పీటర్ ఊంజియన్ 1995లో ఆ బృందం నుంచి తప్పుకున్నారు. ఎడమచేతి వేళ్లు మాట వినకుండా చేసిన ఫోకల్ డిస్టోనియాయే కారణం. తర్వాత ఆయన ఆర్కెస్ట్రా సారథి అయ్యారు.

వాయించేటప్పుడు ఒక వేలు దానంతట అదే ముడుచుకుపోవడం, తీగపై సమయానికి పడకపోవడం ఈ సమస్య లక్షణం. సాధారణంగా నొప్పి ఉండదు. అదే చేత్తో చొక్కా గుండీలు హాయిగా పెట్టుకోగలరు. వేళ్లను నడిపే మెదడు సంకేతాలు గజిబిజి కావడమే దీనికి మూలం. వయొలినిస్టుల్లో ఎక్కువగా ఎడమచెయ్యి, గిటారిస్టుల్లో కుడిచెయ్యి దెబ్బతింటాయి.

నొప్పి సంగతి వేరు. కచేరీ ముందు గంట సాధనను ఒక్కసారిగా మూడు గంటలు చేస్తే మణికట్టు, ముంజేయి సలుపుతాయి. పాతిక నిమిషాలకోసారి అయిదు నిమిషాలు ఆపడం, తీగను అవసరమైనంతే నొక్కడం, వ్యవధిని వారాల మీద పెంచడం మేలు. సాధారణంగా విశ్రాంతితో ఈ నొప్పి తగ్గుతుంది.

పట్టు తప్పిన వేలు అలా కాదు. దాన్ని దారికి తేవాలని అదే స్వరం వందసార్లు వాయించడమే చాలామంది చేసే పొరపాటు. దాంతో తప్పుడు కదలిక మరింత స్థిరపడవచ్చు. రెండు మూడు వారాలైనా తీరు మారకపోతే నాడీవైద్యుణ్ని కలవాలి, వాద్యాన్ని వెంట తీసుకెళ్లి వాయించి చూపాలి. తిమ్మిరి, బలహీనత ఉంటే అన్నాళ్లూ ఆగవద్దు. అవి నరం నొక్కుకుపోయిన గుర్తులు కావచ్చు.