త్వేర్ నుంచి ఒక వ్యాసం, ఎనిమిది ఎర్ర గీతలు

“యా ప్రియేహల్ వ్ రొస్సియా వ్ సెంత్యబ్రే. యా జివూ వ్ త్వేర్. వ్ వొస్క్రెసేన్యే మీ స్ ద్రూగొమ్ యేజ్దిలి వ్ మొస్క్వే న పోయెజ్ద్. మీ బీలి వ్ ముజేయ్. వేచెరొమ్ యా ప్రిష్యోల్ ఇజ్ వొక్జాలా, పొలొజీల్ సూమ్కు న స్తొలే ఇ పొష్యోల్ వ్ ద్రూగ్.”

రష్యాలో వైద్యవిద్యకు వెళ్లిన తెలుగు కుర్రాడు మొదటి ఏడాది భాష తరగతిలో రాసే వ్యాసం ఇంచుమించు ఇలాగే ఉంటుంది. ఇది ఏ ఒక్కరి నోటుపుస్తకం లోదీ కాదు. మామూలుగా దొర్లే తప్పులను చూపడానికి ఒకచోట కూర్చినది. చెప్పదలచుకున్న విషయం తేలికే. సెప్టెంబరులో రష్యా వచ్చాను, త్వేర్‌లో ఉంటున్నాను, ఆదివారం స్నేహితుడితో కలిసి రైల్లో మాస్కో వెళ్లాను, మ్యూజియం చూశాం, సాయంత్రం స్టేషను నుంచి గదికొచ్చి సంచి బల్ల మీద పెట్టి మరో స్నేహితుడి దగ్గరికి వెళ్లాను. రష్యన్ టీచరుకు ఇదంతా అర్థమవుతుంది. అయినా ఎర్ర పెన్ను ఎనిమిది చోట్ల ఆగుతుంది. ఎనిమిదీ మాటల ఎంపికలో తప్పులు కావు. ఆరు చోట్ల మాట చివర తప్పింది, ఒకచోట మాట ముందున్న చిన్న ముక్క తప్పింది, ఒకచోట రెండూ తప్పాయి.

రష్యన్‌లో విభక్తులు ఆరు. మనకు ‘లో’, ‘కి’, ‘నుంచి’ మాట వెనక వస్తాయి. వాళ్లకు ‘వ్’, ‘న’, ‘ఇజ్’ లాంటివి మాట ముందు వస్తాయి. వాటిని వ్యాకరణం ‘ప్రెద్లోగ్’ అంటుంది. ముందు ఆ ముక్క పెట్టగానే సరిపోదు, వెనక నామవాచకం చివర కూడా మారాలి. తెలుగువారికి ఇది మరీ కొత్త సంగతి కాదు. ‘ఇల్లు’కి ‘లో’ చేరితే ‘ఇంట్లో’ అవుతుంది. ‘ఇల్లులో’ అని ఎవరూ అనరు. మొదటి వాక్యంలో ‘వ్ రొస్సియా’ అన్నది రష్యన్ చెవికి సరిగ్గా ‘ఇల్లులో’ అన్నట్టే వినిపిస్తుంది. అక్కడ ‘వ్ రొస్సియు’ ఉండాలి.

అసలు చిక్కు తర్వాతి మెట్టులో ఉంది. ‘వ్’ అనే ముక్క ఒక్కటే అయినా దాని వెనక రెండు విభక్తులు వస్తాయి. చేరుకునే చోటు అయితే ద్వితీయ, ఉన్న చోటు అయితే సప్తమిలాంటి మరో విభక్తి. ఈ రెండో దాన్ని రష్యన్లు ‘ప్రెద్లోజ్నీ’ అంటారు. ముందు ప్రెద్లోగ్ లేకుండా ఇది ఎప్పుడూ రాదు. రెండిట్లో ఏది కావాలో తేల్చేది ‘వ్’ కాదు, క్రియ. ‘యేజ్దిలి వ్ మొస్క్వూ’ అంటే మాస్కో వెళ్లొచ్చాం, ‘బీలి వ్ మొస్క్వే’ అంటే మాస్కోలో ఉన్నాం. జరిగిన పనిగా చూస్తే రెండు వాక్యాలూ చెప్పేది ఒకటే. కానీ మొదటిదాన్లో వెళ్లడం ఉంది కాబట్టి చివర ‘ఊ’, రెండోదాన్లో ఉండటం ఉంది కాబట్టి చివర ‘ఏ’. మన విద్యార్థి రెండింటినీ తారుమారు చేశాడు. వెళ్లిన మాస్కోకు ‘మొస్క్వే’ అన్నాడు, ఉన్న మ్యూజియానికి ‘ముజేయ్’ అన్నాడు. రెండోది ‘వ్ ముజేయె’ కావాలి.

టీచర్లు దీన్ని నేర్పడానికి మూడు ప్రశ్నలు వేస్తారు. కుదా? గ్ద్యే? ఒత్కూదా? మనం వాటిని ఎక్కడికి, ఎక్కడ, ఎక్కడి నుంచి అని రోజూ అడుగుతూనే ఉంటాం. మాస్కోకి, మాస్కోలో, మాస్కో నుంచి అని మూడు రూపాలు విడివిడిగా పలికే అలవాటు తెలుగువారి నోట్లో ముందే ఉంది కాబట్టి ఈ మూడు అరలు కొత్తగా కట్టుకోనక్కర్లేదు. అరల్లో సరైన ముగింపులు నింపుకోవడమే పని.

అయితే తెలుగు ఇక్కడే ఒక ఉచ్చు కూడా పన్నుతుంది. ఇంగ్లిష్ వ్యాకరణ పుస్తకాలు చూసి, ‘కి’ అనగానే విద్యార్థి చతుర్థి కోసం వెతుకుతాడు. రష్యన్ చతుర్థి ‘క్’ అనే ముక్కతో దొరుకుతుంది కూడా. దాంతో ‘క్ మొస్క్వే’ అని రాస్తాడు. అది తప్పు రూపం కాదు, వేరే అర్థం. రైలు మాస్కోను సమీపిస్తోంది, ఊరి దాకా వస్తోంది అన్నప్పుడు అలా అంటారు. ఊళ్లోకి వెళ్లడం అందులో లేదు. ‘క్’కు అసలు చోటు మనుషుల దగ్గర. స్నేహితుడి దగ్గరికి ‘క్ ద్రూగు’, దగ్గర ‘ఊ ద్రూగా’, దగ్గర నుంచి ‘ఒత్ ద్రూగా’. మనం కూడా మనిషి అయితే ‘దగ్గరికి’ చేరుస్తాం కదా! వ్యాసం చివర ‘వ్ ద్రూగ్’ అని రాసిన కుర్రాడు స్నేహితుడి లోపలికే వెళ్లిపోయినట్టయింది. తరగతిలో అందరూ నవ్వే తప్పు ఇదే.

ఇప్పుడు రెండో వాక్యానికి వద్దాం. ‘జివూ వ్ త్వేర్’ తప్పు, ‘జివూ వ్ త్వెరీ’ ఒప్పు. ఇదే కుర్రాడు ‘ప్రియేహల్ వ్ త్వేర్’ అని రాసి ఉంటే పూర్తిగా సరైన వాక్యం అయ్యేది. కారణం, త్వేర్ లాంటి మాటలకు ద్వితీయ రూపమూ మామూలు రూపమూ ఒకటే. సరాతొవ్, ఇన్స్తితూత్, గోరొద్ లాంటి ప్రాణంలేని పుంలింగ నామాలకూ అంతే. అంటే నామవాచకాన్ని ముట్టుకోకుండా వదిలేసే విద్యార్థికి కూడా సగం వాక్యాలు ఒప్పవుతాయి. ‘వ్ సరాతొవ్’ అని రాసినవాడికి విభక్తి వచ్చో, రాకో చెప్పడం కష్టం. తెలుగులో ‘హైదరాబాద్ వెళ్లాను’ అని ‘కి’ లేకుండా కూడా అంటాం కాబట్టి మనవాళ్లకు ఈ అలవాటు ఇంకా సులువుగా అంటుకుంటుంది. తేల్చుకోవడానికి ఒక చిట్కా ఉంది. సందేహం వచ్చిన చోట ఆ నామవాచకం తీసేసి బడి అనే అర్థం ఉన్న ‘ష్కోలా’ పెట్టి చూడాలి. ‘ష్కోలు’ కావాలా, ‘ష్కోలె’ కావాలా అన్నది తేలితే అసలు మాటకు ఏ విభక్తి కావాలో తేలినట్టే. ‘ఆ’తో ముగిసే స్త్రీలింగ నామాల్లో రెండు రూపాలూ ఎప్పుడూ వేరుగా కనిపిస్తాయి.

రైలు సంగతి మరో రకం. వెళ్లడం అంటే ద్వితీయ అని కంఠస్థం చేసిన విద్యార్థి అదే సూత్రాన్ని వాహనానికీ పట్టించాడు. ‘న పోయెజ్ద్’ అన్నాడు. కానీ రైలు అతను చేరుకున్న చోటు కాదు, ప్రయాణం పొడుగునా అతను ఉన్న చోటు. అందుకే ‘న పోయెజ్దె’. ఒకే వాక్యంలో ఒకే క్రియ కింద రెండు విభక్తులు పక్కపక్కన నిలుస్తాయి: ‘యేజ్దిలి వ్ మొస్క్వూ న పోయెజ్దె.’ సూత్రం రాని తొలి వారాల్లో కన్నా సూత్రం వచ్చాక పుట్టే తప్పు ఇది. పాఠం చెప్పేవారికి ఒక రకంగా మంచి గుర్తు.

‘ఇజ్ వొక్జాలా’ దగ్గర విభక్తి సరిగ్గానే ఉంది. తప్పు ముందు ముక్కలో. రష్యన్ ప్రెద్లోగ్‌లు జంటలుగా నడుస్తాయి. ‘వ్’తో వెళ్లిన చోటు నుంచి ‘ఇజ్’తో రావాలి, ‘న’తో వెళ్లిన చోటు నుంచి ‘స్’తో రావాలి, ‘క్’తో వెళ్లిన మనిషి దగ్గర నుంచి ‘ఒత్’తో రావాలి. రైల్వే స్టేషనుకు వెళ్లేది ‘న వొక్జాల్’ కాబట్టి వచ్చేది ‘స్ వొక్జాలా’. ఏ చోటుకు ‘వ్’, ఏ చోటుకు ‘న’ అన్నది మాత్రం తర్కంతో దొరకదు. దుకాణానికి ‘వ్’, పోస్టాఫీసుకు ‘న’. క్రిమియాకు ‘వ్’, కాకసస్‌కు ‘న’. కొత్త చోటు పేరు నేర్చుకున్నప్పుడే దాని ముక్కతో కలిపి నేర్చుకోవడం తప్ప దారి లేదు.

క్రియ ముందు చేరే ఉపసర్గ అప్పుడప్పుడు సాయపడుతుంది. లోపలికి వెళ్లాడు అన్న ‘వొష్యోల్’కు ‘వ్’, పక్కకు జరిగాడు అన్న ‘ఒతొష్యోల్’కు ‘ఒత్’, దాకా చేరాడు అన్న ‘దొష్యోల్’కు ‘దొ’. క్రియ తలలో ఉన్నదే నామవాచకం ముందు మళ్లీ వస్తోంది. కానీ దీన్ని పూర్తిగా నమ్మకూడదు. బయటికి వచ్చాడు అన్న ‘వీషెల్’కు ‘ఇజ్’ కావాలి, దగ్గరికి వచ్చాడు అన్న ‘పొదొష్యోల్’కు ‘క్’ కావాలి.

త్వేర్ ఊరికే ఈ వ్యాకరణంతో ఒక పాత బంధం ఉంది. 15వ శతాబ్దంలో భారతదేశం వచ్చి బహమనీల బీదరు చూసి వెళ్లిన వర్తకుడు అఫనాసీ నికితిన్ ఆ ఊరివాడే. ఆయన ‘పర్వత్’ అని రాసిన క్షేత్రం మన శ్రీశైలమేనని పండితులు గుర్తించారు. వోల్గా ఒడ్డున ఆయన విగ్రహాన్ని 1955లో నిలిపారు. ఆయన యాత్రా గ్రంథం పేరులోనే ఈ పాఠం ఉంది: ‘ఖొజేనియె జా త్రి మోర్యా’, మూడు సముద్రాల అవతలికి ప్రయాణం. ‘జా’ అంటే అవతల. అవతలికి వెళ్తే ద్వితీయ, అందుకే ‘త్రి మోర్యా’. అవతల ఉంటే తృతీయ, అప్పుడు ‘జా త్రెమ్యా మొర్యామి’ అవుతుంది. ఇక్కడా ఒక మెలిక ఉంది. రొట్టె తేవడానికి వెళ్లాడు అనాలంటే ‘పొష్యోల్ జా ఖ్లేబొమ్’ అనాలి. క్రియ వెళ్లడమే అయినా విభక్తి తృతీయ, ఎందుకంటే రొట్టె గమ్యం కాదు, పని.

మిగిలింది ఏడో గీత, బల్ల మీద సంచి. తెలుగు విద్యార్థి తనంతట తాను పట్టుకోలేని తప్పు ఇదే. వెళ్లడం, ఉండటం విషయంలో మనకు ‘కి’, ‘లో’ అని తేడా ఉంది. పెట్టడం దగ్గరికి వచ్చేసరికి ఆ తేడా మాయమవుతుంది. సంచి బల్ల మీద పెట్టాను, సంచి బల్ల మీద ఉంది. రెండిట్లోనూ ‘మీద’. చొక్కా బీరువాలో పెట్టాను, చొక్కా బీరువాలో ఉంది. రెండిట్లోనూ ‘లో’. రష్యన్‌కు మాత్రం పెట్టడం కూడా ఒక ప్రయాణమే. వస్తువు ఒక చోటికి చేరుతోంది కాబట్టి ‘పొలొజీల్ న స్తోల్’ అని ద్వితీయ, పెట్టాక అక్కడ ఉంది కాబట్టి ‘లెజీత్ న స్తొలే’ అని ప్రెద్లోజ్నీ. కూర్చోవడం, తగిలించడం కూడా ఇదే దారి. తెలుగులో ‘కుర్చీలో కూర్చున్నాడు’ అంటే కూర్చునే క్షణమూ కావచ్చు, కూర్చుని ఉన్న గంటా కావచ్చు. రష్యన్‌లో ఆ రెండింటికీ క్రియే వేరు, విభక్తీ వేరు.

కాబట్టి రష్యన్ నేర్చుకుంటున్న తెలుగువారు వ్యాసం రాశాక తిరిగి చదివేటప్పుడు వెళ్లాను, వచ్చాను అన్న వాక్యాల మీద ఎక్కువసేపు ఆగనక్కర్లేదు. అక్కడ చెవి ఎంతో కొంత కాపాడుతుంది. పెట్టాను, తగిలించాను, కూర్చున్నాను అన్న క్రియల కింద ముందు గీత గీసుకుని, వాటి వెనక ఉన్న నామవాచకం చివర ఒకసారి చూసుకోండి.