కొయ్య కట్టడాలకు అగ్నిరక్షణ: పాతదనం చెడకుండా ఎలా?

శ్రీనగర్‌లో జీలం నది ఒడ్డున ఉన్న ఖాన్‌ఖాహ్-ఎ-మౌలా పై భాగంలో 2017 నవంబరు 15 తెల్లవారుజామున మంటలు లేచాయి. శిఖరం దెబ్బతిన్నది కానీ, కింది మందిరం దక్కింది. ఈ కట్టడం 1480లో ఒకసారి, 1731లో మరొకసారి అగ్నికి ఆహుతై, రెండుసార్లూ తిరిగి లేచింది. అదే నగరంలోని దస్తగీర్ సాహిబ్ దర్గాకు ఆ అదృష్టం దక్కలేదు. 2012 జూన్ 25న అది దాదాపు పూర్తిగా కాలిపోయింది. అగ్నినిరోధక అరలో భద్రపరచిన పవిత్ర అవశేషాలు మాత్రం క్షేమంగా మిగిలాయి.

కొయ్య కట్టడంలో ముందుగా ప్రమాదానికి లోనయ్యేవి పెద్ద దూలాలే అని చాలామంది అనుకుంటారు. వాస్తవం వేరు. దేవదారు వంటి కలప కాలుతున్నప్పుడు దాని పైభాగం బొగ్గుగా మారుతుంది. ఆ బొగ్గు పొరే లోపలి కలపకు కొంతసేపు రక్షణ కవచమవుతుంది. మంట సుమారుగా నిమిషానికి 0.7 మిల్లీమీటరు చొప్పున మాత్రమే లోపలికి చొచ్చుకుపోతుంది. 200 మిల్లీమీటర్ల మందం గల దూలం రెండు పక్కలా అరగంట కాలినా, దాదాపు 160 మిల్లీమీటర్ల గట్టి కలప మిగులుతుంది. అదే 12 మిల్లీమీటర్ల పలక అయితే పావుగంట కూడా నిలవడం కష్టం.

కాశ్మీరీ కట్టడాల అసలు బలహీనత ఇక్కడే ఉంది. చిన్న చిన్న చెక్క ముక్కలను మేకులు లేకుండా గాడుల్లో అమర్చి చేసే ఖతంబంద్ లోకప్పు చూడముచ్చటైనది. అయితే ముక్కల మధ్య సందులుంటాయి. దానిపైన, కప్పుకు కింద, విశాలమైన ఖాళీ చోటు ఉంటుంది. సందుల్లోంచి పైకి చేరిన మంట అడ్డులేకుండా ఆ చోటంతా పరుగెడుతుంది. కింద నిలబడిన వారికి పొగ కనబడేసరికి పైన కప్పు అంటుకుని ఉంటుంది.

అందువల్ల తొలి పని ఆ ఖాళీ చోటులో పొగను వెంటనే పసిగట్టడం. ఇందుకు లోకప్పుపై పరికరాలు బిగించనక్కరలేదు. గాలిని పీల్చి పరీక్షించే యంత్రాన్ని పక్కగదిలో పెట్టి, దాని గొట్టాన్ని పైచోటులో పరుస్తారు. దాని నుంచి సన్నని నాళికలను ముక్కల మధ్య ఉన్న సందుల్లోంచే కిందికి దించుతారు. కొత్త రంధ్రం ఒక్కటీ పడదు. ధూపం పొగకు, ధూళికి తప్పుడు హెచ్చరికలు రాకుండా సున్నితత్వాన్ని అక్కడి నిత్యకృత్యాలకు తగ్గట్టు సరిచేయాలి. లేకపోతే విసిగిన సిబ్బంది యంత్రాన్నే ఆపివేస్తారు.

రెండో పని పైచోటును భాగాలుగా విడదీయడం. వాసాల మధ్య రాతి ఉన్ని పలకలతో అడ్డుతెరలు కడతారు. వాటిని పాత కలపకు జిగురుతో అతికించరు. విడిగా నిలిచే చట్రంలో అమర్చి, రేపు విప్పగలిగేలా ఉంచుతారు. పని సరిగా జరిగిందో లేదో తెలుసుకోవడానికి ఒక భాగంలో కృత్రిమ పొగ వదిలి పక్క భాగంలో చూస్తారు. పొగ ఎక్కడి నుంచి వస్తే అక్కడ సందు మిగిలినట్టే. అయితే గాలి ఆడే దారులన్నిటినీ మూసివేస్తే కప్పు కారిన తడి ఆరక కలప కుళ్లుతుంది. కాబట్టి చూరు వద్ద గాలిదారిని, కారుడును పరిశీలించే వీలును విడిచిపెట్టాలి.

మూడోది విద్యుత్తు. పలకల మీద, పలకల వెనుక సాగే పాత తీగలను తొలగించి, కనబడేలా లోహపు గొట్టంలో వేయడం మేలు. ప్రధాన స్విచ్ బయట ఉండాలి. దీపాలన్నీ వెలిగే ఉత్సవ రాత్రి వేడిని చూపే కెమెరాతో పరీక్షిస్తే, వదులైన అతుకులు చుట్టుపక్కల కంటే వేడిగా కనిపించి బయటపడతాయి.

చేయకూడనిది ఒకటుంది. మంటను ఆపుతుందని చెప్పి రంగుల నకాషీ పని మీద పూతలు పూయడం. పూత వల్ల రంగుల రూపు మారుతుంది. తర్వాత దాన్ని తొలగిస్తే రంగులే ఊడిపోతాయి. కొన్ని లవణ ద్రావణాలు తేమను పీల్చి ఇనుప మేకులను తుప్పు పట్టిస్తాయి. పూత తప్పనిసరైతే పలకల వెనుక వైపే, అదీ చిన్న భాగంలో పరీక్షించాక వేయాలి.

నీటి గొట్టాల విషయంలోనూ జాగ్రత్త అవసరం. శ్రీనగర్ చలికాలంలో నీరు గడ్డకట్టి గొట్టం పగులుతుంది. అందుకే గొట్టాన్ని బయటి గోడ వెంట ఖాళీగా ఉంచి, అగ్నిమాపక దళం వచ్చాక నీరు ఎక్కించే ఏర్పాటు అనువైనది. నీరు అందేది దళం వచ్చాకే కనుక, అంతవరకు మంటను ఆపే భారం ఆ అడ్డుతెరల మీద, వెంటనే మోగే గంట మీదనే పడుతుంది.