పోయినవాళ్లను లెక్కపెట్టని వలయం

క్రీ.శ. 67లో రోమన్ సైన్యం గలిలయలోని యోద్‌ఫత్ పట్టణాన్ని పట్టుకుంది. యూదుల సేనాని జోసెఫస్, మరో 40 మంది ఒక గుహలో దాక్కున్నారు. లొంగిపోవడం కన్నా చావే మేలని తక్కినవాళ్లు పట్టుబట్టారు. ఒకరి చేతిలో ఒకరు చనిపోయేలా చీట్లు వేసుకున్నామని, చివరికి తానూ మరొకరూ మిగిలామని జోసెఫస్ తర్వాత రాసుకున్నాడు. గుండ్రంగా నిలబడి ప్రతి మూడోవాణ్ణి తొలగించారన్నది మాత్రం తర్వాతివాళ్లు చేర్చిన లెక్క. దాని ప్రకారం 41 మందిలో చివరికంటా మిగిలేది 31వ స్థానంలోని వ్యక్తి. కంప్యూటర్ సైన్సు విద్యార్థులకు ఇప్పటికీ ఇచ్చే లెక్క ఇది.

ఏడుగురితో చేసి చూద్దాం. ఒకటి నుంచి లెక్కపెడితే ముందు 3 పోతాడు. తర్వాత 4, 5, 6 అని లెక్కించి 6ను తీసేస్తాం. అలా వరసగా 2, 7, 5, 1 పోయి 4 మిగులుతాడు.

దీన్ని ప్రోగ్రాంగా రాయమంటే చాలామందికి మొదట తోచేది ఉన్నదున్నట్టు నడిపించడం. ఏడు గళ్లు పెట్టుకుని, పోయినవాడి గడి మీద గుర్తు వేసి, లెక్కపెట్టేటప్పుడు ఆ గడిని దాటేయడం. సమాధానం సరిగ్గానే వస్తుంది. కానీ పనెంతో చూడండి. మొదటి ముగ్గురిని తీయడానికి ఒక్కొక్కరికీ మూడు గళ్లు చూస్తే చాలు. 7ను, 5ను తీయడానికి ఐదేసి గళ్లు. 1, 4 మాత్రమే మిగిలాక, 5 తర్వాత నుంచి మొదలుపెట్టి 1, 4, మళ్లీ 1 అని మూడు అంకెలు లెక్కపెట్టడానికి పది గళ్లు తిరగాలి. అందులో ఏడు ఖాళీవే. మొత్తం 29 గళ్లు. మనుషులు తగ్గేకొద్దీ పని పెరగడమే ఈ పద్ధతిలోని అసలు లోపం.

వలయాకార లింక్డ్ లిస్టులో ఆ ఖాళీలే ఉండవు. పిల్లలు చేతులు పట్టుకుని గుండ్రంగా నిలబడ్డారనుకోండి. ఒకరు తప్పుకోగానే వాళ్ల వెనకున్నవారు ముందున్నవారి చెయ్యి అందుకుంటారు, వలయం చిన్నదవుతుంది. ఇక్కడ ప్రతి నోడూ తన తర్వాత ఎవరో గుర్తుపెట్టుకుంటుంది. ఆఖరి నోడు మొదటిదాన్ని చూపిస్తుంది. ఒకరిని తీసేయడమంటే ఒక్క లింకు మార్చడమే. ఎంతమంది మిగిలినా ఒక్కొక్కరికి మూడే అడుగులు, మొత్తం 18.

```python
def josephus(n, k):
    nxt = [(i + 1) % n for i in range(n)]
    prev = n - 1
    for _ in range(n - 1):
        for _ in range(k - 1):
            prev = nxt[prev]
        nxt[prev] = nxt[nxt[prev]]
    return prev + 1
```

ఇందులో `nxt` ఒక్కొక్కరి తర్వాత ఎవరో చెబుతుంది. `prev` పోవాల్సినవాడి దగ్గర కాకుండా అతనికి ఒక అడుగు వెనక ఆగుతుంది. మార్చాల్సింది వెనకవాడి లింకు కాబట్టి ఇది తప్పనిసరి. అందుకే `prev` ఆఖరి వ్యక్తి దగ్గర మొదలవుతుంది. పొరపాటున దాన్ని మొదటి వ్యక్తి దగ్గర, అంటే 0 దగ్గర, మొదలుపెడితే ప్రోగ్రాం ఆగదు, ఫిర్యాదూ చేయదు. 41 మందికి 31 బదులు 32 అని చెబుతుంది. కనిపెట్టాలంటే ఏడుగురితో నడిపి ముందు ఎవరు పోయారో చూడాలి. 3 బదులు 4 పోతే తప్పు అక్కడే ఉన్నట్టు.

అలాగని లింక్డ్ లిస్టు అన్నిచోట్లా గెలవదు. మూడు బదులు ప్రతి పదిలక్షలవవాణ్ణి తీయమంటే, ఇద్దరే మిగిలినా అది వాళ్ల చుట్టూనే దాదాపు పదిలక్షల అడుగులు వేస్తుంది. `k - 1`ను మిగిలినవాళ్ల సంఖ్యతో భాగించి, శేషం మేరకే నడిపిస్తే ఆ వృథా తప్పుతుంది. మామూలు పైథాన్ లిస్టులో గుర్తు వేయకుండా `pop`తో మనిషిని నిజంగానే తీసేస్తే ఈ నడకే ఉండదు. తర్వాత పోయేవాడి స్థానాన్ని ఒక్క లెక్కతో నేరుగా పట్టుకోవచ్చు. బదులుగా ఖాళీ పూడ్చడానికి వెనకున్న వాళ్లందరినీ ఒక్కో గడి ముందుకు జరపాలి. కొన్ని వందల మందికి ఆ జరపడం ఇట్టే అయిపోతుంది కాబట్టి నేను `pop`నే వాడమంటాను. లక్షల మంది ఉండి, అంతరం మూడు లాంటి చిన్న సంఖ్య అయితే లింక్డ్ లిస్టే మేలు.

చివరివాడెవరో తెలిస్తే చాలనుకుంటే మనుషులను నిలబెట్టనే అక్కర్లేదు. 0తో మొదలుపెట్టి, `m`ను 2 నుంచి `n` వరకు పెంచుతూ `r = (r + k) % m` అని చేసుకుంటూ పోయి చివర ఒకటి కలపాలి. ఏడుగురికి `r` విలువలు 1, 1, 0, 3, 0, 3 వస్తాయి. ఒకటి కలిపితే 4. అయితే ఎవరి తర్వాత ఎవరు పోయారో ఈ సూత్రం చెప్పదు. ఆ వరస కావాలంటే మళ్లీ వలయం కట్టాల్సిందే.