చీర అంచు మీద స్టిక్కరు పడకుండా

ధర చీటీ, తగ్గింపు గుర్తు, ‘కొత్తగా వచ్చింది’ స్టిక్కరు సాధారణంగా ఫొటోలో ఏదో ఒక మూలన కూర్చుంటాయి. స్టూడియో ఫొటోలకు ఈ అలవాటు బాగానే సరిపోయేది. కెమెరా, బల్ల, లైట్లు కదలవు కాబట్టి ఒక ఫొటోలో కుడి పై మూల ఖాళీగా ఉంటే మిగతా యాభైలోనూ ఖాళీగానే ఉంటుంది. ఏఐతో తయారయ్యే చిత్రాల్లో ఆ నమ్మకం లేదు. ఒకే వాక్యం ఇచ్చి నాలుగు చిత్రాలు అడిగితే చీర ఒకదానిలో నడుమ, ఒకదానిలో కుడి పక్కన నిలబడుతుంది, మరోదానిలో కొంగు ఎగిరి సరిగ్గా ఆ మూలలోకే వస్తుంది. పాత టెంప్లేట్ దాని మీదే స్టిక్కరు అంటించేస్తుంది.

స్టిక్కరుతో సహా చిత్రాన్ని ఏఐనే గీయమనడం తేలిక దారిలా కనిపిస్తుంది కానీ అది రెండు చోట్ల దెబ్బతింటుంది. ధరలో ఒక అంకె మారినా దుకాణదారుకు నష్టం. తెలుగు అక్షరాలైతే వత్తులు, గుడులు చెదిరిపోవడం తరచూ జరిగేదే. పైగా సరుకు ఎక్కడ ముగుస్తుందో గీసే నమూనాకు కొలతగా తెలియదు. అందుకే చిత్రాన్ని స్టిక్కర్లు లేకుండా తయారుచేసి, వాటిని తర్వాత మామూలు డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో వేరే లేయరుగా వేయడమే పద్ధతి. అప్పుడు మిగిలే ప్రశ్న ఒక్కటే: ఎక్కడ వేయాలి?

దీనికి జవాబిచ్చేది మాస్క్. సరుకు ఉన్న చోటంతా తెలుపు, లేని చోటంతా నలుపుగా ఉండే నీడబొమ్మ లాంటి చిత్రమది. ఫొటో నుంచి వెనక దృశ్యాన్ని తీసేసే సాధనాలన్నీ లోపల ఇలాంటి మాస్క్‌నే తయారుచేస్తాయి. స్టిక్కరు ఆక్రమించే చోట మాస్క్‌లో ఒక్క తెల్ల పిక్సెల్ కూడా లేకపోతే సరుకు కప్పబడనట్టు. కంటి అంచనాతో పనిలేని పరీక్ష ఇది.

మంగళగిరి నేత చీర ఒకటి తీసుకుంటే ఇందులోని మెలికలు తెలుస్తాయి. ఈ చీరలో ఒళ్లు సాదాగా ఉంటుంది. కొనేవారి చూపంతా జరీ అంచు మీద, కొంగు మీద. ఆ రెండూ చిత్రంలో పక్కలకు, మూలలకు దగ్గరగా పడతాయి, అంటే స్టిక్కర్ల అలవాటైన చోటికే. దుకాణంలో బొమ్మకు కట్టిన చీరను ఫోనుతో తీసి, వెనక దృశ్యం కత్తిరించి, 1080 వెడల్పు, 1350 ఎత్తు ఉన్న ఖాళీ చట్రంలో పెట్టారనుకుందాం. చుట్టూ మండువా ఇంటి వసారా ఏఐ గీయాలి. అసలు చీర ఫొటోనే వాడటంలో ఇంకో లాభం ఉంది: చీరను పెట్టింది మనిషే కాబట్టి అది ఎక్కడుందో గీయకముందే తెలుసు.

ఈ చట్రంలో బొమ్మ, చీర కలిసి ఎడమ నుంచి 330వ పిక్సెల్ దగ్గర మొదలై 860 దగ్గర ముగుస్తాయి. స్టిక్కరు చట్రం అంచుకు ఆనకుండా 54 పిక్సెళ్లు, చీరకు తగలకుండా 32 పిక్సెళ్లు వదలాలని నియమం పెట్టుకుంటే, ఎడమ పక్క మిగిలేది 330లో 86 పోగా 244. అందులో 240 వెడల్పు ధర చీటీ ఇరుకుగానైనా పడుతుంది. కుడి పక్కన 220లో 86 పోతే 134 మాత్రమే; 170 పిక్సెళ్ల గుండ్రటి తగ్గింపు గుర్తుకు చోటు లేదు.

ఇక్కడే మాస్క్ విలువ తెలుస్తుంది. 860 అన్నది చీర చుట్టూ గీసిన దీర్ఘచతురస్రం చెప్పే లెక్క. నిజానికి అంత దూరం వచ్చింది మోచేతి మీద నుంచి జారిన కొంగు ఒక్కటే. పై నుంచి 256 పిక్సెళ్ల వరకు చూస్తే బొమ్మ భుజం 700 దాటలేదు. అక్కడ 380లో 86 పోగా 294 మిగులుతుంది, గుండ్రటి గుర్తు హాయిగా కూర్చుంటుంది. మూడో స్టిక్కరు కూడా కావాలంటే ఎడమ పైన పడుతుంది గానీ, ఒక చీర చుట్టూ మూడు అంటిస్తే కప్పకపోయినా కప్పినట్టే ఉంటుంది. ‘కొత్తగా వచ్చింది’ అన్నది చీటీలోనే చిన్న వరుసగా రాయడం మేలు.

చీటీ కొలతను లోపలి రాతతో కొలవాలి. ₹950కి సరిపోయిన చీటీ ₹12,499కి పొడుగై చీర వైపు జరుగుతుంది, కాబట్టి జాబితాలోని అతి పొడుగు ధరకే వెడల్పు లెక్కించాలి. తెలుగులో ఎత్తూ ముఖ్యమే. ఇంగ్లిషు పెద్దక్షరాలకు కొలిచిన డబ్బాలో ‘తగ్గింపు’, ‘కొత్త’ రాస్తే కింది వత్తులు తెగిపోతాయి. డబ్బా పెంచితే ముందు వేసిన లెక్క మారుతుంది.

చోటు తేలాక దృశ్యాన్ని గీయించాలి. ‘ఎడమ పక్క ఖాళీగా వదులు’ అంటే నమూనాలు సరిగా పట్టించుకోవు. ఖాళీ అన్నది వాటికి గీయదగ్గ వస్తువు కాదు. ఒక్కోసారి అక్కడే పూలకుండీ వస్తుంది. ‘ఎడమ పక్క సున్నం కొట్టిన సాదా గోడ’ అని అక్కడ ఉండాల్సింది చెబితే పని జరుగుతుంది. అయినా కుండీ వస్తే ఆ భాగాన్ని మాత్రమే మళ్లీ గీయించుకోవచ్చు.

అసలు చిక్కు వేరే ఉంది. చుట్టూ దృశ్యం నింపేటప్పుడు నమూనా కొన్నిసార్లు సరుకునే పొడిగిస్తుంది: కుచ్చిళ్లు నేల మీదికి పారతాయి, కొంగు రెండు జానలు పెరుగుతుంది. పాత మాస్క్ ప్రకారం ఆ చోటు ఖాళీయే, చూసేవారికి మాత్రం స్టిక్కరు చీర మీదే ఉంటుంది. కాబట్టి తయారైన చిత్రానికి మళ్లీ కొత్త మాస్క్ తీసి పాతదానితో పోల్చాలి. రెండూ గణనీయంగా తేడా వస్తే స్టిక్కరు జరపడం దండగ. ఆ చిత్రంలో చీరే అబద్ధం, పారేయాల్సిందే. చీర కింద నేల మీది నీడను కూడా మాస్క్‌లో కలిపేయాలి. నీడ సరుకు కాదు కానీ దాన్ని చీటీ కప్పితే బొమ్మ గాలిలో తేలుతున్నట్టు కనిపిస్తుంది.

మాస్క్ కూడా తప్పుతుంది. తెల్ల గోడ ముందు తెల్ల చీర, కొంగు చివర దారపు పోగులు, పలచని నేత వంటి చోట్ల అంచు సగంలో తెగుతుంది. 32 పిక్సెళ్ల ఎడం వదిలింది చాలావరకు ఇందుకే. చివరగా చిత్రాన్ని 180 పిక్సెళ్ల వెడల్పుకు కుదించి ఫోనులో చూడాలి. ఆరో వంతుకు తగ్గిన చిత్రంలో 48 పిక్సెళ్ల అక్షరం 8 పిక్సెళ్లే. ధర చదవలేకపోతే చీటీ పెంచాలి, చోటు లేకపోతే చీరను చట్రంలో కొంచెం చిన్నది చేసి లెక్క మొదటి నుంచి వేయాలి.

స్టిక్కర్లు లేని మూల చిత్రాన్ని విడిగా దాచాలి. అమెజాన్ ప్రధాన చిత్రంలో నేపథ్యం పూర్తి తెలుపుగా ఉండాలి, రాతలు, గుర్తులు ఉండకూడదు. గూగుల్ షాపింగ్ జాబితాలూ ప్రచార రాతలున్న చిత్రాలను ఒప్పుకోవు. స్టిక్కర్లున్న ప్రతి వాట్సాప్ స్టేటస్‌కు, ఇన్‌స్టాగ్రామ్‌కు పనికొస్తుంది. పండగ తగ్గింపు ముగిసిన రోజు లేయరు తీసేస్తే కింద చీర అలాగే ఉంటుంది.